ఎమోజీ డబ్బాగా ఎందుకు మారుతుంది, ఎక్కడ దాన్ని వదిలేయాలి

ఊళ్లో ఆదివారం ఉచిత ఆరోగ్య శిబిరం పెడుతున్నారనుకుందాం. నిర్వాహకుల్లో ఒకరు తన కొత్త ఫోన్‌లో ఈ నోటీసు టైప్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

ఉచిత ఆరోగ్య శిబిరం, ఆదివారం, హైస్కూల్ ఆవరణ
🩸 ఉదయం 7 గంటలకు
🩻 ఉదయం 10 గంటలకు
👩‍⚕️ ఉదయం 11 గంటలకు
🩸 కి ముందు 🍚 🚫

పంపిన మనిషికి ఇందులో అర్థం కానిదేమీ లేదు. రక్తపరీక్ష ఏడింటికి, ఎక్స్‌రే పదింటికి, డాక్టరమ్మ పదకొండింటికి వస్తారు, రక్తపరీక్షకు ముందు ఏమీ తినకూడదు. గ్రూపులో ఉన్న ఒకమ్మాయి దీన్ని కాపీ చేసి ఊళ్లో ఉన్న నాన్నకు మామూలు ఎస్ఎంఎస్‌గా పంపింది. ఆయనది ఆండ్రాయిడ్ 8 మీద ఆగిపోయిన ఫోన్. ఫోన్‌తో పాటు వచ్చిన మెసేజ్ యాప్‌లో ఆయనకు కనిపించేది ఇది.

□ ఉదయం 7 గంటలకు
□ ఉదయం 10 గంటలకు
👩‍⚕️ ఉదయం 11 గంటలకు
□ కి ముందు 🍚 🚫

ఏడింటికి ఏముందో, పదింటికి ఏముందో ఆయనకు తెలియదు. దేనికి ముందు తినకూడదో తెలియదు. పైగా చివరి లైనులో అన్నం గిన్నె, దాని పక్కన నిషేధం గుర్తు చక్కగా కనిపిస్తున్నాయి కాబట్టి, ‘అన్నం తినకూడదేమో, ఇడ్లీ తినొచ్చు’ అనుకునే అవకాశం ఉంది. ‘శిబిరంలో భోజనం పెట్టరు’ అని కూడా అనుకోవచ్చు. పరగడుపున చేయాల్సిన షుగర్ పరీక్షకు ఆయన టిఫిన్ చేసి వెళితే వచ్చే అంకె తప్పు అంకె అవుతుంది. ఈ ఒక్క నోటీసునే పట్టుకుని, బొమ్మ ఎక్కడెక్కడ ఎలా చెడుతుందో చూద్దాం.

మెసేజ్‌లో బొమ్మ ఉండదు

ఎమోజీ పంపినప్పుడు మనం బొమ్మను పంపుతున్నామని అనిపిస్తుంది. నిజానికి వెళ్లేది ఒక సంఖ్య. అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో సంఖ్య కేటాయించే పట్టిక ఒకటుంది, దాని పేరు యూనికోడ్. తెలుగు ‘క’ అక్షరానికి అందులో `U+0C15` అనే సంఖ్య ఉన్నట్టే, రక్తపు చుక్కకు `U+1FA78` అనే సంఖ్య ఉంది. అవతలి ఫోన్ ఆ సంఖ్యను చూసి, తన దగ్గరున్న ఫాంట్‌లో ఆ సంఖ్యకు బొమ్మ ఉందేమో వెతుకుతుంది. ఉంటే గీస్తుంది. లేకపోతే ఖాళీ చతురస్రం పెడుతుంది. ఫాంట్లు తయారుచేసేవాళ్లు ఈ చతురస్రాన్ని తోఫు అంటారు. గూగుల్ వాళ్ల నోటో ఫాంట్ల పేరు కూడా ‘తోఫు వద్దు’ అన్న మాట నుంచే వచ్చింది.

కాబట్టి డబ్బా కనిపించిందంటే సాధారణంగా మెసేజ్ చెడిపోలేదని అర్థం. సంఖ్య భద్రంగానే ఉంది, దాన్ని గీసే బొమ్మే ఆ ఫోన్‌లో లేదు. మన ఉదాహరణలోని నాన్నగారు ఆ డబ్బాలున్న మెసేజ్‌ను కొత్త ఫోన్ ఉన్న పక్కింటాయనకు ఫార్వర్డ్ చేస్తే, అక్కడ మళ్లీ రక్తపు చుక్క కనిపిస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే సంఖ్యే పోయే సందర్భాలు కూడా ఉన్నాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ఫోన్‌లో బొమ్మ ఎందుకు లేదంటే, ఎమోజీలన్నీ ఒకేసారి పుట్టలేదు. యూనికోడ్‌లోకి ఎమోజీలు పెద్ద ఎత్తున వచ్చింది 2010లో, 6.0 వెర్షన్‌తో. మన నోటీసులో అన్నం గిన్నె 🍚, నిషేధం గుర్తు 🚫 ఆనాటివే. రక్తపు చుక్క 🩸 2019 మార్చిలో వచ్చిన 12.0లో చేరింది. ఎక్స్‌రే 🩻 ఇంకా ఆలస్యంగా, 2021 సెప్టెంబర్‌లో 14.0తో వచ్చింది. యూనికోడ్‌లో చేరిన రోజునే ఫోన్‌లోకి రాదు కూడా. రక్తపు చుక్క ఐఫోన్లకు 2019 అక్టోబర్‌లో ఐఓఎస్ 13.2తో అందింది. ఎక్స్‌రే 2022 మార్చిలో ఐఓఎస్ 15.4తో అందింది. ఆండ్రాయిడ్‌లో ఫోన్ కంపెనీ అప్‌డేట్ ఇస్తేనే కొత్త ఫాంట్ వచ్చే పరిస్థితి చాలాకాలం నడిచింది. ఆండ్రాయిడ్ 12 నుంచి మొత్తం సిస్టమ్‌ను మార్చకుండానే ఎమోజీ ఫాంట్‌ను మార్చే వీలు కల్పించారు. అంతకుముందు వెర్షన్ల మీద ఆగిపోయిన ఫోన్లకు ఆ సౌకర్యం లేదు. మనలో పెద్దవాళ్ల చేతుల్లో, పిల్లలు వాడి ఇచ్చేసిన ఫోన్లలో ఎక్కువగా కనిపించేవి అవే.

ఒక ఎమోజీ ఏ ఏటిదో తెలుసుకోవడం కష్టం కాదు. యూనికోడ్ సంస్థ `emoji-test.txt` అనే ఫైలును అందరికీ అందుబాటులో ఉంచుతుంది. అందులో ప్రతి ఎమోజీకి ఒక లైను ఉంటుంది.

```
1FA78 ; fully-qualified # 🩸 E12.0 drop of blood
```

`E` పక్కన ఉన్న అంకె ఆ ఎమోజీ ఏ వెర్షన్‌లో వచ్చిందో చెబుతుంది. `E12.0` అంటే 2019, `E14.0` అంటే 2021. నోటీసు నలుగురికీ వెళ్లేదైతే, నాలుగైదేళ్లయినా నిండని ఎమోజీని నేను నమ్మను.

పాత, కొత్త కలిసిపోవడం వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. ఎర్ర వృత్తం 🔴, నీలం వృత్తం 🔵 రెండూ 2010 నాటివి. ఆకుపచ్చ వృత్తం 🟢 మాత్రం 2019లో వచ్చింది. అంటే ‘తెరిచి ఉన్నవి 🟢, మూసినవి 🔴’ అని జాబితా పెడితే, పాత ఫోన్‌లో మూసినవి ఎర్రగా కనిపిస్తాయి, తెరిచి ఉన్నవి డబ్బాలవుతాయి. ఒకే కుటుంబం బొమ్మల్లా కనిపించినంత మాత్రాన అవి ఒకే ఏడాది పుట్టినవని అనుకోకూడదు.

వాట్సాప్‌లో బాగానే ఉందిగా అంటే

ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ ఫోన్‌లోని ఎమోజీ బొమ్మల మీద ఆధారపడదు. తన సొంత బొమ్మలను యాప్‌తో పాటే తెచ్చుకుంటుంది. అందుకే పాత ఫోన్‌లో కూడా యాప్ అప్‌డేట్ అయి ఉంటే వాట్సాప్ లోపల రక్తపు చుక్క కనిపిస్తుంది. అదే మెసేజ్ నోటిఫికేషన్‌గా పైన మెరిసినప్పుడు దాన్ని గీసేది ఫోన్ ఫాంట్, కాబట్టి అక్కడ డబ్బా కనిపించవచ్చు. కాపీ చేసి ఎస్ఎంఎస్‌లో పెట్టినా, నోట్స్‌లో దాచుకున్నా, కాంటాక్ట్ పేరులో రాసుకున్నా అంతే. ఐఫోన్‌లో మాత్రం వాట్సాప్ ఆపిల్ బొమ్మలనే వాడుతుంది.

నోటీసు రాసేవాళ్లను ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇదే. గ్రూపులో పెట్టి చూసుకున్నారు, బాగుంది, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కానీ నోటీసు అన్నది గ్రూపు దాటి వెళ్లడానికే పుడుతుంది. దాటిన చోట ఏ ఫాంట్ ఉందో పంపినవాళ్లకు తెలియదు.

కంటికి కనిపించని అతుకు

నోటీసులో డాక్టరమ్మ 👩‍⚕️ ఒక బొమ్మలా కనిపిస్తోంది గానీ, లోపల ఉన్నవి నాలుగు సంఖ్యలు.

```
U+1F469 U+200D U+2695 U+FE0F
```

మొదటిది ఆడమనిషి. మూడోది వైద్యవృత్తికి వాడే పాము చుట్టుకున్న కర్ర గుర్తు. నాలుగోది ఆ గుర్తును రంగుల బొమ్మగా చూపించమని చెప్పేది. రెండోది కంటికి కనిపించని అతుకు. దాని పేరు జీరో విడ్త్ జాయినర్. ‘ముందూ వెనకా ఉన్నవాటిని కలిపి ఒకే బొమ్మగా గీయి’ అని అది చెబుతుంది. కలిపిన బొమ్మ ఫాంట్‌లో లేకపోతే విడివిడిగా గీస్తుంది. అప్పుడు ఒక ఆడమనిషి, పక్కన ఆ పాము గుర్తు కనిపిస్తాయి. డబ్బా రాలేదు కాబట్టి చదివేవాళ్లకు ఏదో పోయిందన్న అనుమానం కూడా రాదు.

తెలుగు టైప్ చేసేవాళ్లకు ఈ అతుకు తోబుట్టువు రోజూ పనికొస్తూనే ఉంటుంది. ‘ఫోన్‌లో’ అని రాసినప్పుడు ‘న్’ కింద ‘ల’ వత్తుగా అతుక్కోకుండా ఆపేది `U+200C`. సంఖ్యల్లో దాని పక్కదే `U+200D`. ఒకటి విడదీస్తుంది, రెండోది కలుపుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ‘కనిపించని అక్షరాలు ఎందుకులే’ అని రెండింటినీ తుడిచేస్తాయి. మీరు పంపిన వాక్యంలో ‘ఫోన్‌లో’ కాస్తా ‘ఫోన్లో’ అయి, డాక్టరమ్మ రెండు ముక్కలైతే, మధ్యలో అలాంటి తుడుపు జరిగిందని పట్టుకోవచ్చు.

చర్మం రంగులదీ ఇదే పద్ధతి. చెయ్యి బొమ్మ తర్వాత రంగు చెప్పే ఇంకో సంఖ్య వస్తుంది. 2015కు ముందు ఫాంట్లలో చెయ్యి పక్కన ఓ డబ్బా గానీ రంగు ముక్క గానీ విడిగా పడుతుంది. పసుపు రంగు మామూలు చెయ్యి పెడితే ఈ బెడద లేదు.

జెండాలది వేరే కథ. 🇮🇳 లో జెండా బొమ్మకంటూ సొంత సంఖ్య లేదు. `I`, `N` అనే రెండు ప్రత్యేక అక్షరాలు పక్కపక్కన ఉంటే జెండా గీయాలని నియమం. విండోస్‌తో వచ్చే ఎమోజీ ఫాంట్‌లో దేశాల జెండాలు లేవు. అందుకే ఆగస్టు 15 శుభాకాంక్షలు విండోస్ కంప్యూటర్‌లో క్రోమ్‌లో తెరిస్తే త్రివర్ణ పతాకం బదులు రెండు చిన్న అక్షరాలు కనిపిస్తాయి. ఫైర్‌ఫాక్స్ తన సొంత ఎమోజీ ఫాంట్ తెచ్చుకుంటుంది కాబట్టి అదే కంప్యూటర్‌లో జెండా చూపిస్తుంది. పోస్టర్ మీద, వెబ్‌సైట్ మీద జెండా కచ్చితంగా ఉండాలంటే బొమ్మ ఫైలుగా పెట్టాలి. ఎమోజీగా పెడితే అది ఉంటుందన్న హామీ లేదు.

బొమ్మ వచ్చింది, కానీ వేరే బొమ్మ

డబ్బా వస్తే కనీసం ఏదో పోయిందని తెలుస్తుంది. వేరే బొమ్మ వస్తే తెలియదు. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఇదే.

యూనికోడ్ సంఖ్యకు పేరు ఇస్తుంది, నమూనా బొమ్మ చూపిస్తుంది. అలాగే గీయాలని ఎవరినీ బలవంతపెట్టదు. ఆపిల్, గూగుల్, శాంసంగ్, మైక్రోసాఫ్ట్ ఎవరి బొమ్మలు వాళ్లు గీసుకుంటాయి, కాలంతో మారుస్తుంటాయి. సిరంజి 💉 సంగతి చూడండి. దాని పేరు సిరంజి, అంతే. ఆపిల్ చాలా ఏళ్లు దాన్ని రక్తం నిండిన సిరంజిగా, సూది కొసన రక్తపు చుక్కలతో చూపించింది. కోవిడ్ టీకాల కాలంలో జనం దాన్ని టీకాకు గుర్తుగా వాడటం మొదలుపెట్టాక, 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5తో రక్తం తీసేసింది. ఇప్పుడు మన శిబిరం నోటీసులో ‘💉 9 గంటలకు’ అని రాస్తే, పాత ఐఫోన్‌లో చూసినవాళ్లు రక్తం తీస్తారనుకుంటారు. కొత్త ఫోన్‌లో చూసినవాళ్లు టీకా వేస్తారనుకుంటారు. ఇద్దరికీ బొమ్మ శుభ్రంగానే కనిపించింది.

మాస్కు ముఖం 😷 కూడా అంతే. ఆపిల్ బొమ్మలో అది మొదట నలతగా, దిగులు కళ్లతో ఉండేది. ఒంట్లో బాగాలేదని చెప్పడానికి వాడేవాళ్లు. 2020 నవంబర్‌లో ఐఓఎస్ 14.2లో మాస్కు అలాగే ఉంచి కళ్లు నవ్వుతున్నట్టు మార్చారు. ‘😷 ఉన్నవాళ్లు శిబిరానికి రావద్దు’ అని రాస్తే దానికి రెండు అర్థాలు. జలుబు, జ్వరం ఉన్నవాళ్లు రావద్దా, మాస్కు పెట్టుకున్నవాళ్లు రావద్దా?

తుపాకీ 🔫 విషయంలో తేడా ఇంకా పెద్దది. 2016లో ఆపిల్ దాన్ని ఆకుపచ్చ నీళ్ల తుపాకీగా మార్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన బొమ్మ తుపాకీని అసలు రివాల్వర్‌లా మార్చింది. అప్పుడు ఒకరు సరదాగా నీళ్లు చల్లినట్టు పంపింది ఇంకొకరికి బెదిరింపులా కనిపించే వీలు ఏర్పడింది. 2018లో గూగుల్, శాంసంగ్ లాంటి మిగతా పెద్ద సంస్థలూ నీళ్ల తుపాకీ వైపు వచ్చాయి. 2024లో ఒకప్పటి ట్విటర్ అయిన ఎక్స్ మళ్లీ నిజం తుపాకీ బొమ్మకు వెళ్లింది. అంటే ఈ తేడాలు కాలంతో వాటంతట అవే సర్దుకుంటాయని అనుకోలేం, వెనక్కి కూడా వెళ్తుంటాయి.

శాంసంగ్ ఫోన్లలో కొన్నేళ్లపాటు కళ్లు తిప్పే ముఖం 🙄 విసుగులా కాకుండా, చిన్నగా నవ్వుతూ పైకి చూస్తున్నట్టు ఉండేది. 2018లో సరిచేశారు. అప్పటి మెసేజ్‌ను ఇప్పుడు తెరిచి చూస్తే ఈనాటి బొమ్మే కనిపిస్తుంది. ఆ రోజు పంపినవాళ్లు ఏం చూసి పంపారో ఆ మెసేజ్ మనకు చెప్పదు. పాత చాట్‌ను సాక్ష్యంగా చూపించే వివాదాల్లో ఇది చిన్న విషయం కాదు.

క్యాలెండర్ బొమ్మ 📅 గురించి కూడా చెప్పాలి. ఆపిల్ బొమ్మ మీద జులై 17 అని ఉంటుంది. మరికొన్ని చోట్ల వేరే తేదీ ఉంటుంది. పెళ్లి పిలుపులో, శిబిరం నోటీసులో ఆ బొమ్మ పక్కనే అసలు తేదీ రాస్తాం. రెండు తేదీలు పక్కపక్కన ఎందుకు? ‘తేదీ’ అని రాస్తే సరిపోతుంది.

సంఖ్యే పోయినప్పుడు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ గీయడంలో వచ్చే తేడాలు. ఇంకో రకం ఉంది. అందులో దాచుకునే చోటే సంఖ్య పోతుంది. తెలుగువాళ్లను ఇది ప్రత్యేకంగా మోసం చేస్తుంది.

యూనికోడ్ సంఖ్యలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఎమోజీల్లో ఎక్కువ వాటికి 4 బైట్లు కావాలి. వెబ్‌సైట్ల వెనక విస్తారంగా వాడే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో `utf8` అనే పాత అమరిక ఒక సంకేతానికి 3 బైట్లే ఇస్తుంది. తెలుగు అందులో హాయిగా పడుతుంది. సైటు తయారుచేసినవాళ్లు తెలుగు టైప్ చేసి చూస్తారు, బాగానే వస్తుంది, పని అయిపోయిందనుకుంటారు. మొదటి ఎమోజీ వచ్చిన రోజున తెలుస్తుంది. సెట్టింగులు కఠినంగా ఉంటే సేవ్ కాకుండా ఇలాంటి ఎర్రర్ ఇస్తుంది.

```
Incorrect string value: '\xF0\x9F\xA9\xB8...'
```

ఆ `F0 9F A9 B8` అన్నది మన రక్తపు చుక్కే, నాలుగు బైట్లుగా. సెట్టింగులు వదులుగా ఉంటే ఎర్రర్ ఇవ్వకుండా ఎమోజీ దగ్గర వాక్యాన్ని కోసేసి, ముందున్న భాగాన్నే దాచుకుంటుంది. ‘ఆదివారం శిబిరంలో 🩸 పరీక్షకు పరగడుపున రావాలి’ అన్నది ‘ఆదివారం శిబిరంలో’ దగ్గర ఆగిపోతుంది. పోయినది ఎమోజీ ఒక్కటే కాదు, దాని వెనక ఉన్న మాటలన్నీ పోయాయి. దరఖాస్తు ఫారాల్లో, ఫిర్యాదు పెట్టెల్లో ‘నేను మొత్తం రాశాను, సగమే వచ్చింది’ అని ఎవరైనా అంటే, సగం ఆగిన చోట ఎమోజీ ఉందేమో ముందు అడగాలి.

దీనికి మందు `utf8mb4` అనే అమరిక. అది 2010 నుంచీ ఉంది. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి అదే డిఫాల్ట్. పాత సైటుకైతే బ్యాకప్ తీసుకుని టేబుల్‌ను మార్చాలి.

```
ALTER TABLE notices CONVERT TO CHARACTER SET utf8mb4;
```

సైటు ప్రోగ్రాముకూ డేటాబేస్‌కూ మధ్య కనెక్షన్ కూడా `utf8mb4`లోనే ఉండాలి. టేబుల్ మార్చి కనెక్షన్ వదిలేస్తే ఎమోజీలు ప్రశ్నార్థకాలుగా మారి దాచబడతాయి. అలా మారినవాటిని వెనక్కి తేలేం.

ఇక్కడే గుర్తు పట్టడం నేర్చుకోవాలి. ఖాళీ చతురస్రం కనిపిస్తే ఫాంట్ లోపం, కాపీ చేసి కొత్త ఫోన్‌లో పెట్టి చూడండి, తిరిగొస్తుంది. ఫైర్‌ఫాక్స్ అయితే ఆ డబ్బాలోనే చిన్న అక్షరాలతో సంఖ్యను కూడా చూపిస్తుంది, దాన్ని బట్టి ఏ ఎమోజీయో వెతకొచ్చు. `????` కనిపిస్తే సంఖ్య పోయింది, పంపినవాళ్లనే మళ్లీ అడగాలి. `ðŸ©¸` లాంటి వింత అక్షరాలు కనిపిస్తే బైట్లు ఉన్నాయి గానీ వేరే పద్ధతిలో చదివారు. సరైన పద్ధతిలో తెరిస్తే సాధారణంగా బాగవుతుంది. అలా వింతగా ఉన్నప్పుడే సేవ్ చేస్తే మాత్రం చిక్కు ముదురుతుంది.

ఎస్ఎంఎస్ లెక్క

శిబిరాల కబురు ఇంకా ఎస్ఎంఎస్ మీద వెళ్తూనే ఉంటుంది, ఎందుకంటే బటన్ ఫోన్‌కు చేరేది అదే. ఎస్ఎంఎస్‌కు ఇంగ్లీష్ అక్షరాల చిన్న పట్టిక ఒకటి ఉంది. మెసేజ్ మొత్తం ఆ పట్టికలోని అక్షరాలతోనే ఉంటే ఒక ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి. పట్టికలో లేనిది ఒక్కటి చేరినా మొత్తం మెసేజ్ వేరే పద్ధతిలోకి మారి 70కి పడిపోతుంది. ముక్కలైతే ఒక్కో ముక్కలో 67 మాత్రమే.

150 అక్షరాల ఇంగ్లీష్ మెసేజ్ ఒక ఎస్ఎంఎస్‌లో వెళ్తుంది. చివర ఒక 🙏 పెట్టండి. ఎమోజీకి రెండు స్థానాలు కావాలి కాబట్టి 152 అయింది. 67 చొప్పున చూస్తే రెండు ముక్కల్లో 134 మాత్రమే పడతాయి, కాబట్టి మూడు ఎస్ఎంఎస్‌లు. వెయ్యిమందికి పంపే చోట ఒక్క దండం వల్ల మూడు వేల ఎస్ఎంఎస్‌ల ఖర్చు పడుతుంది. రూపాయి గుర్తు ₹ కూడా ఆ పట్టికలో లేదు. `Rs` అని రాస్తే ఈ సమస్య ఉండదు.

తెలుగు మెసేజ్ ఎలాగూ 70 పద్ధతిలోనే వెళ్తుంది కాబట్టి ఎమోజీ వల్ల అంత పెద్ద దెబ్బ లేదు. కానీ చోటే తక్కువ. గుణింతం, వత్తు విడిగా లెక్కకొస్తాయి. ‘శిబిరం’ అన్న మాటకు 6 స్థానాలు. మన డాక్టరమ్మ ఎమోజీకి 5. ఇంకో రెండు స్థానాలు ఇస్తే ‘డాక్టర్’ అని తెలుగులో రాయొచ్చు, అది బటన్ ఫోన్‌లో తెలుగు ఫాంట్ ఉంటే కనిపిస్తుంది కూడా.

ప్రింటింగ్ ప్రెస్‌లో, చెవికి వినిపించే చోట

నోటీసు కరపత్రంగా అచ్చవ్వాలంటే వాట్సాప్‌లో వచ్చిన మాటలను డీటీపీ చేసేవాళ్లకు ఇస్తాం. తెలుగు ప్రెస్‌లలో అను ఫాంట్ల వాడకం ఇంకా బాగానే ఉంది. అవి యూనికోడ్‌కు ముందు కాలం పద్ధతి. యూనికోడ్ తెలుగును ఆ పద్ధతిలోకి మార్చే కన్వర్టర్‌కు తెలిసింది తెలుగు అక్షరాలే. ఎమోజీ దగ్గరికి వచ్చేసరికి డబ్బానో, ప్రశ్నార్థకమో, ఖాళీయో మిగులుతుంది. డీటీపీ చేసేవాళ్లు దాన్ని చెత్త అనుకుని తీసేస్తారు, వాళ్ల తప్పేమీ లేదు. ‘🩸 ఉదయం 7 గంటలకు’ అన్నది ‘ఉదయం 7 గంటలకు’ అయి అచ్చవుతుంది. ఒకవేళ బొమ్మ నిలిచినా, నలుపు తెలుపు జిరాక్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ వృత్తాలు రెండూ ఒకే బూడిద రంగు చుక్కలవుతాయి.

చూపు లేనివాళ్లు ఫోన్‌ను వింటారు. ఆండ్రాయిడ్‌లోని టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్లు ఎమోజీ వచ్చినప్పుడు దాని పేరు చదువుతాయి. వరసగా అలంకారానికి పెట్టిన పూలు, చప్పట్లు వినేవాళ్లకు అదే పేరు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. అసలు విషయం ఆ వరసకు అవతల ఉంటుంది. పేరు తెలియని కొత్త ఎమోజీ అయితే రీడర్ దాన్ని దాటేసి వెళ్లిపోవచ్చు. వాక్యం మధ్యలో మాటకు బదులు ఎమోజీ పెడితే వాళ్లకు వాక్యంలో గుంత పడుతుంది.

ఎక్కడ వద్దు, ఎక్కడ ఫరవాలేదు

ఎమోజీలు వద్దని నేను అనను. ఆప్యాయత చెప్పడానికి, మాట కటువుగా వినిపించకుండా ఉండటానికి అవి బాగా పనికొస్తాయి. నా అభిప్రాయం ఒక్క చోట గట్టిగా ఉంటుంది. ఎమోజీ పోతే సమాచారం పోయేలా వాక్యం రాయకూడదు. పంపే ముందు ఎమోజీలన్నీ తీసేసి ఒకసారి చదవండి. సమయం, చోటు, మందు, డబ్బు, అవును-కాదు, చేయాలి-చేయకూడదు, వీటిలో ఏదైనా తెలియకుండా పోతే అక్కడ మాట రాయాలి. మాట రాశాక ఎమోజీ ఉంచాలా వద్దా అన్నది అంత పెద్ద ప్రశ్న కాదు.

ఆన్‌లైన్ ఫారాల్లో, ఆఫీసుకు ఇచ్చే అర్జీల్లో, పేరు, చిరునామా గడుల్లో, ఫైళ్ల పేర్లలో మాత్రం ఒక్కటీ వద్దు. అక్కడ మీ మాటలు ఎన్ని సాఫ్ట్‌వేర్ల గుండా వెళ్తాయో మీకు కనిపించదు, సగంలో తెగితే చెప్పేవాళ్లు కూడా ఉండరు. ఎస్ఎంఎస్‌గా గానీ ప్రింట్‌కు గానీ వెళ్లేవాటిలోనూ వద్దు. తెలిసిన మనిషితో చాట్‌లో మీ ఇష్టం, అయితే తుపాకీ, కళ్లు తిప్పే ముఖం లాంటివి అపార్థానికి తావున్న గొడవ మధ్యలో వాడకండి. అక్కడ అవతలివాళ్ల ఫోన్ మీ మనసులో ఉన్నదానికి వేరే బొమ్మ గీయవచ్చు.

మన నోటీసు ఇలా మారుతుంది.

ఉచిత ఆరోగ్య శిబిరం, ఆదివారం, హైస్కూల్ ఆవరణ
రక్తపరీక్ష: ఉదయం 7 గంటలకు
ఎక్స్‌రే: ఉదయం 10 గంటలకు
డాక్టర్ చూసేది: ఉదయం 11 గంటల నుంచి
రక్తపరీక్షకు వచ్చేవాళ్లు పరగడుపున రావాలి. టిఫిన్, కాఫీ, టీ తీసుకోకూడదు. మంచినీళ్లు తాగవచ్చు.
అందరూ రండి 🙏

చివరి దండం 2010 నాటిది, ఒకే సంఖ్య, అతుకులు లేవు. పోయినా ‘అందరూ రండి’ అన్న పిలుపు మిగులుతుంది. ఎస్ఎంఎస్‌కు ఇచ్చేటప్పుడు దాన్నీ తీసేయాలి. ఇంకో సంగతి గమనించండి. 🍚 🚫 ను మాటల్లోకి మారుస్తున్నప్పుడే కాఫీ, టీ, మంచినీళ్ల ప్రశ్న బయటికి వచ్చింది. బొమ్మ పెట్టినప్పుడు అది రాసినవాళ్ల తలపుకే రాలేదు. వచ్చిపోయేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న అదే.

మొదటి నోటీసు ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే వాట్సాప్‌లో 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయవచ్చు. కానీ ఆ ఎడిట్ మీ గ్రూపులోని మెసేజ్‌కే పరిమితం. ఎవరైనా కాపీ చేసుకున్నదీ, ఫార్వర్డ్ చేసిందీ పాతదిగానే తిరుగుతుంటుంది. అందుకని ఎడిట్‌తో సరిపెట్టకుండా, ‘సవరించిన నోటీసు, ముందుది పంపకండి’ అని పైన రాసి, మాటలతో ఉన్నదాన్ని కొత్త మెసేజ్‌గా పంపాలి. మొదటిది ఫార్వర్డ్ చేసినవాళ్లు ఎవరో తెలిస్తే, వాళ్లు పంపిన చోటికే ఇది కూడా పంపమని అడగాలి.